చవితి మండపాల పోటీకి మార్కులు ఎలా వేస్తే గొడవ రాదు?

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్లో అయిదు బ్లాకులున్నాయి. ఏటా వినాయక చవితికి ఏ బ్లాకు మండపం బాగుందో చూసి బహుమతి ఇస్తాం. పోయినేడు డెకరేషన్ వాళ్లను పెట్టుకున్న బ్లాకే గెలిచింది. సొంతంగా చేసుకున్నవాళ్లు బాగా నొచ్చుకున్నారు. ఇంకో బ్లాకులో ప్లగ్గు కాలి వాసన వచ్చింది, అయినా దానికి రెండో బహుమతి వచ్చింది. నిమజ్జనం అయ్యాక థర్మాకోల్, పూలు, ఫ్లెక్సీలు వారం రోజులు గేటు పక్కనే పడున్నాయి. ఈసారి కొత్తదనం, కష్టం, భద్రత, చెత్త నాలుగింటికీ తలా 25 మార్కులు పెడదామని కమిటీ అంటోంది. ఇది సరైనదేనా? – కమిటీ కార్యదర్శి, హైదరాబాద్

సమాధానం: తలా 25 పెట్టకండి. ఈ నాలుగూ ఒకే రకం విషయాలు కావు. కొత్తదనం చూసి చెప్పేది, కష్టం లెక్క అడిగి తేల్చేది, చెత్త పండగయ్యాక బయటపడేది. భద్రతకైతే అసలు మార్కులే ఉండకూడదు. అది ఉందా లేదా అనే తేల్చాలి. పోయినేడు ప్లగ్గు కాలిన బ్లాకుకు రెండో బహుమతి వచ్చినట్టే ఈ పద్ధతిలోనూ రావచ్చు. భద్రతకు 25లో 10 మాత్రమే వచ్చిన మండపం మిగతా 75లో 70 తెచ్చుకుంటే మొత్తం 80 అవుతుంది, గెలిచినా గెలుస్తుంది. అందం బాగుంది కాబట్టి కాలే ప్లగ్గును క్షమించినట్టే కదా.

కాబట్టి భద్రతను గేటులా పెట్టండి. దాటితేనే పోటీలోకి రానివ్వాలి. మిగిలిన 100 మార్కుల్లో కొత్తదనానికి 40, కష్టానికి 30, చెత్తకు 30 ఇవ్వండి. ఫలితం నిమజ్జనం రోజున కాకుండా మర్నాడు సాయంత్రం చెప్పండి. ఈ ఒక్క రోజు ఆలస్యం లేకపోతే చెత్తకు మార్కులు వేయడం కుదరదు.

ముందు భద్రత సంగతి. చవితికి ముందు రోజు సాయంత్రం మీ అపార్ట్‌మెంట్ ఎలక్ట్రీషియన్, కమిటీ నుంచి ఒకరు, పోటీలో లేని పెద్దమనిషి ఒకరు కలిసి ప్రతి మండపానికీ వెళ్లాలి. లైట్లు, సౌండు, ఫ్యాన్లు అన్నీ ఒకేసారి వేయించి గంటసేపు ఉంచాలి. ఆ గంట తర్వాత ప్లగ్గునూ ఎక్స్‌టెన్షన్ బాక్సునూ వేలి వెనక భాగంతో తాకి చూడాలి. వెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నా, ప్లాస్టిక్ వాసన వస్తున్నా, ప్లగ్గు కాళ్లు నల్లబడినా ఆ లైను మార్చాల్సిందే. అయిదు నిమిషాలు చూసి వచ్చేస్తే ఇవేవీ తెలియవు, వేడి ఎక్కడానికి టైం పడుతుంది.

ప్లగ్గులు ఎందుకు కాలుతాయో బ్లాకులవాళ్లకు ముందే చెబితే సగం పని తగ్గుతుంది. లిఫ్టు దగ్గర ఉండే మామూలు చిన్న ప్లగ్ పాయింటు 6 ఆంపియర్లది. 230 వోల్టుల మీద అది మోయగలిగింది సుమారు 1,380 వాట్లు. పాతరకం 500 వాట్ల హాలోజెన్ ఫోకస్ లైట్లు రెండు పెడితే అక్కడే వెయ్యి అయిపోయింది. దానికి 500 వాట్ల ఆంప్లిఫయర్ కలిపితే 1,500. ‘ఎక్కువైతే ఎంసీబీ పడిపోతుంది కదా’ అంటారు. ఆ లైనుకు 10 ఆంపియర్ల ఎంసీబీ ఉంటే 1,500 వాట్లకు అది పడదు. దానికి అది మామూలు లోడే. వేడెక్కేది 6 ఆంపియర్ల సాకెట్టు, దానికి తగిలించిన సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు. ఆ వైరు చుట్ట విప్పకుండా అలాగే వదిలేస్తే వేడి బయటికి పోయే దారి లేక ఇంకా తొందరగా కాలుతుంది. హాలోజెన్ల బదులు 50 వాట్ల ఎల్ఈడీ ఫోకస్‌లు వాడమనండి. పెద్ద లోడుంటే 16 ఆంపియర్ల పాయింటు నుంచి తగిన మందం వైరుతో తీసుకోవాలి. ఒక బాక్సులో ఇంకో బాక్సు, అందులో మరో బాక్సు పెట్టారంటే గేటు దాటనివ్వకండి.

షాకు కొట్టకుండా ఆపేది ఎంసీబీ కాదు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. మండపానికి కరెంటు ఇచ్చే లైనులో అది ఉందా లేదా చూడాలి. ఉంటే దాని మీది టెస్ట్ బటన్ నొక్కాలి. నొక్కగానే స్విచ్చు పడిపోవాలి. పడకపోతే అది ఉన్నా లేనట్టే. చవితి నాటికి వానలు ఇంకా ఉంటాయి, తడి గచ్చు మీద చెప్పుల్లేకుండా నిలబడే పండగ ఇది. ఈ ఒక్క విషయంలో సడలింపు ఇవ్వవద్దు.

తర్వాత నిప్పు. దీపానికీ, హారతి ఇచ్చే చోటుకూ పైనా పక్కలా మీటరు దూరంలో నెట్ గుడ్డ, పేపరు పూలు, ఎండిన మామిడాకులు ఏవీ ఉండకూడదు. సింథటిక్ నెట్ గుడ్డ అంటుకుంటే కరిగి చుక్కలుగా కింద పడుతుంది. కింద కూర్చున్నవాళ్ల ఒంటి మీద పడితే అంటుకుపోతుంది. రాత్రంతా దీపం ఉంచుతామంటే ఎవరు కాపలా ఉంటారో ఫ్లాటు నంబరుతో రాసివ్వాలి. పేరు లేకపోతే రాత్రికి నూనె దీపం తీసేసి చిన్న ఎల్ఈడీ దీపం పెట్టుకోవాలి. మంటలార్పే ఏబీసీ పౌడరు సిలిండరు ఒకటి మండపం వెనక కాకుండా ముందు, చేతికందేలా ఉండాలి. దాని ముల్లు పచ్చగీతలో ఉండాలి. మెట్ల దారిలో ఇద్దరు పక్కపక్కన నడిచేంత ఖాళీ తప్పదు. డెకరేషన్ స్తంభాలను మెట్ల రెయిలింగుకు కట్టడం చాలా బ్లాకుల్లో కనిపించే తప్పు.

తప్పు దొరికితే మర్నాడు పూజ వేళకు సరిదిద్దుకునే అవకాశం ఇవ్వండి. సరిదిద్దితే మార్కులేమీ పోవు. లేకపోతే ఆ లైట్లు ఆర్పించాలి, ఆ బ్లాకు ఆ ఏడు పోటీలో ఉండదు. పూజ మాత్రం మామూలుగానే జరుగుతుంది. పండగ నడిచే రోజుల్లో చెప్పకుండా రాత్రిపూట ఒకసారి చూసిరండి, తనిఖీ అయ్యాక హాలోజెన్లు మళ్లీ తగిలించేవాళ్లుంటారు.

థర్మాకోల్‌నూ ఈ గేటు దగ్గరే ఆపేయండి. అలంకరణకు వాడే థర్మాకోల్‌ మీద, 100 మైక్రాన్లకన్నా పల్చటి పీవీసీ బ్యానర్ల మీద దేశమంతటా 2022 జూలై 1 నుంచి నిషేధం ఉంది. విగ్రహాల విషయంలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో సవరించిన మార్గదర్శకాలు కూడా ప్లాస్టర్ ఆఫ్ పారిస్, థర్మాకోల్ వద్దనే చెబుతున్నాయి. కాబట్టి ఇది మీ కమిటీ కొత్తగా పెట్టే రూలేమీ కాదు. ‘పాతది ఇంట్లో ఉంది, దాన్నే వాడతాం’ అన్నా వద్దనాలి.

ఇక డెకరేషన్ వాళ్ల సంగతి. వాళ్లను నిషేధించాల్సిన పని లేదు. పందిరి వేయడానికి, కర్రలు పాతడానికి మనుషులు కావాలి, పెద్దవాళ్లు ఎక్కువగా ఉన్న బ్లాకులో నిచ్చెన ఎక్కేవాళ్లు దొరకరు. అయితే డబ్బిచ్చి చేయించుకున్న పనికి కష్టం మార్కులు రావు, ఖర్చుకు హద్దు ఉంటుంది. అయిదు బ్లాకులకూ ఒకే హద్దు పెట్టండి. ఉదాహరణకు విగ్రహం, ప్రసాదం కాకుండా అలంకరణకు 15,000 రూపాయలు. ‘మా ఫ్లాటువాళ్లు ఉచితంగా ఇచ్చారు’ అన్న పూలదండలకూ బజారు ధర కట్టాలి. లేకపోతే హద్దు అన్నది కాగితం మీదే ఉంటుంది. అద్దెకు తెచ్చినవాటికి అద్దె మాత్రమే రాయాలి. ఇంట్లోంచి తెచ్చిన పట్టుచీర, ఇత్తడి కుందులు, బొమ్మలకు సున్నా వేయాలి. ఉన్నవాటిని వాడుకోవడాన్ని ప్రోత్సహించాలనే ఈ సున్నా.

దీనికి ప్రతి బ్లాకుకూ ఒక నోటుపుస్తకం ఇవ్వండి. మొత్తం పోటీకి ఆధారం ఆ పుస్తకమే. ఎడమ పేజీలో లోపలికి వచ్చిన ప్రతి సరుకూ, దాని ధర, అది కొన్నదా అద్దెదా ఇంటిదా అన్నది రాయాలి. కుడి పేజీలో ఏ రోజు ఏ ఫ్లాటు నుంచి ఎవరు వచ్చి ఏం చేశారో రాసి సంతకం పెట్టాలి. దీనివల్ల ఖర్చు హద్దు తేలుతుంది, కష్టం తేలుతుంది, పండగయ్యాక చెత్త లెక్క కూడా ఈ ఎడమ పేజీతోనే సరిచూసుకోవచ్చు.

కష్టాన్ని గంటల్లో కొలవకండి. ‘మేము 200 గంటలు చేశాం’ అంటే కాదనడానికి మీ దగ్గర ఆధారం ఉండదు, పైగా పని రానివాళ్లకు గంటలు ఎక్కువ పడతాయి. మనుషుల సంఖ్యను నేరుగా పోల్చినా తప్పే. 60 ఫ్లాట్ల బ్లాకు ఎప్పుడూ 24 ఫ్లాట్ల బ్లాకు మీద గెలుస్తుంది. మనుషులు ఉంటున్న ఫ్లాట్లలో ఎన్ని పాల్గొన్నాయన్న శాతం తీసుకోండి. తాళం వేసున్న ఫ్లాట్లను లెక్కలోంచి తీసేయండి. 30లో 15 మార్కులు దీనికి. 60 శాతం దాటితే పూర్తి 15, అంతకు తక్కువైతే దామాషాగా. నూటికి నూరు రావాలంటే ఇష్టం లేనివాళ్లను తలుపుకొట్టి లాక్కొచ్చే పరిస్థితి వస్తుంది, అందుకే 60 దగ్గర ఆపాలి.

మిగతా 15 చేత్తో చేసినదానికి. న్యాయనిర్ణేతలు మండపంలో తమకు నచ్చిన రెండు వస్తువులు చూపించి, ‘ఇది చేసినవాళ్లు ఎవరు, ఎలా చేశారు?’ అని అడగాలి. పాలవెల్లి చేసినవాళ్లైతే వెదురు బద్దలు ఎక్కడ దొరికాయో, ఎంత దూరంలో కట్టారో, మొక్కజొన్న కంకుల బరువుకు మధ్యలో వంగిపోతే ఏం చేశారో తడుముకోకుండా చెబుతారు. కొనుక్కొచ్చినవాళ్లు ‘అందరం కలిసి చేశామండీ’ అంటారు. పిల్లలు చేసిన పని కాస్త వంకరగా ఉన్నా ఇక్కడ మార్కులు తగ్గించకూడదు. నునుపుకు కాదు ఈ మార్కులు.

కొత్తదనానికి 40 అన్నాం. ‘బాగుంది’ అనిపించినదాన్ని బట్టి వేస్తే వెలుగు ఎక్కువున్న మండపానికే ఎక్కువ పడతాయి. అందుకే దాన్ని మూడుగా విడదీయండి. ఆలోచనకు 15, సరుకును వాడిన తీరుకు 15, చవితికీ ఆ చోటుకూ కుదిరిందా అన్నదానికి 10. ఒక్కోదానికి ఎంత ఉంటే ఎన్ని మార్కులో ఒక వాక్యం రాసివ్వండి. సరుకు వాడిన తీరునే తీసుకుందాం. షాపులో సెట్టుగా అమ్మే ప్లాస్టిక్ పూల తెర యథాతథంగా పెడితే 3 నుంచి 5. మామూలు అరటి బోదెలు, మామిడి తోరణాలు చక్కగా కడితే 7 నుంచి 9. ఎవరూ ఊహించని చోట మామూలు వస్తువు వాడి, అది ఏమిటో దగ్గరికెళ్తే గానీ తెలియకుండా చేస్తే 12 నుంచి 15. వెనక తెరగా గుడ్డకు బదులు వెదురు చేటలు వరుసగా పేర్చి, ప్రతి చేటలో ఒక్కో రకం పత్రి అమర్చి కింద పేరు రాశారనుకోండి. వచ్చిన పిల్లలు మాచీపత్రం ఏదో, గండకీ పత్రం ఏదో ఆగి చూస్తారు. పండగయ్యాక చేటలు ఇళ్లకు పోతాయి, పత్రి ఎరువుగుంటలోకి పోతుంది. ఇలాంటిదానికి 14 వేయడానికి వెనకాడవద్దు.

ఇక్కడో చిక్కు ఉంది. నిరుటి సామాను మళ్లీ వాడితే చెత్త తగ్గుతుంది, కానీ ‘ఇది పాతదే’ అని కొత్తదనంలో కోస్తారు. పాత సామానుతో కొత్త అమరిక చేస్తే మార్కులు కోయకూడదని కాగితం మీదే రాయండి. అమరిక కూడా పాతదే అయితేనే కోత.

న్యాయనిర్ణేతలను మీ అపార్ట్‌మెంట్ నుంచి తీసుకోకండి. ‘సొంత బ్లాకుకు మార్కు వేయరు’ అన్న రూలు చాలదు. సొంతదానికి వేయకపోయినా పోటీగా ఉన్నదానికి తగ్గించి వేయొచ్చు. పక్క అపార్ట్‌మెంట్ వాళ్లను ముగ్గురిని పిలవండి, వాళ్ల పోటీకి మీవాళ్లు వెళ్లండి. ముగ్గురూ ఒకే సాయంత్రం, చీటీ తీసిన వరుసలో అన్నీ చూడాలి. మొదటి మండపం దగ్గర ఎవరైనా చెయ్యి బిగబట్టుకుని వేస్తారు కాబట్టి మొదట పెన్సిలుతో వేసి, అయిదూ చూశాక పెన్నుతో ఖాయం చేయాలి.

మార్కులు కూడే చోట ఇంకో పొరపాటు జరుగుతుంది, ఇది ఎవరికీ కనపడదు. ఏ, బీ, సీ అనే మూడు బ్లాకుల కొత్తదనానికి ముగ్గురు ఇలా వేశారనుకుందాం. మొదటివారు ఏ బ్లాకుకు 33, బీకి 31, సీకి 30. రెండోవారు ఏకి 34, బీకి 32, సీకి 33. మూడోవారు ఏకి 20, బీకి 38, సీకి 26. కూడితే ఏకి 87, బీకి 101, సీకి 89. ముగ్గురిలో ఇద్దరు ఏ బ్లాకునే మొదట పెట్టారు, అయినా అది ఆఖరుకు పోయింది. మూడోవారు మార్కులను బాగా ఎడంగా వేయడంతో ఆయన ఒక్కరి మాటే నెగ్గింది. ఆయనకు దురుద్దేశం ఉండనక్కర్లేదు, కొందరి చెయ్యి అంతే. అందుకే కూడకండి. ఒక్కో బ్లాకుకు వచ్చిన మూడు అంకెల్లో పెద్దదీ చిన్నదీ వదిలేసి మధ్యది తీసుకోండి. అప్పుడు ఏకి 33, బీకి 32, సీకి 30. చేతిపనికి వేసే 15కూ ఇదే పద్ధతి.

చెత్తకు వస్తే, తూకం వేయాలనుకుంటారు. తూకం మోసం చేస్తుంది. వానకు తడిసిన పూలు కిలోలకు కిలోలు తూగుతాయి, వాటివల్ల నష్టమేమీ లేదు. ఫోమూ ప్లాస్టిక్ పూలూ గంపెడున్నా అర కిలో తూగవు. సంచులతో కొలవండి. ప్రతి బ్లాకుకూ 25 కిలోల ఖాళీ బియ్యం సంచులు ఒకే సైజువి ఇచ్చి, నిమజ్జనం మర్నాడు మధ్యాహ్నానికల్లా సామానంతా మూడుగా విడదీయమనండి. పూలు, పత్రి, అరటి బోదెలు ఒకటి. అట్ట, కాగితం, సీసాలు లాంటి పాత సామాన్లవాడు తీసుకునేవి రెండోది. ఇక దేనికీ పనికిరానివి మూడోది. మొదటి రెండు ఎన్ని సంచులున్నా మార్కులు పోవు. మూడోదానిలో ప్రతి సంచికీ, సగం నిండినా సరే, 30లోంచి 5 తీసేయండి. పూల సంచిలో జరీ దారాలు, చమ్కీ, ప్లాస్టిక్ దండలు కలిసుంటే అది ఎరువుకు పనికిరాదు, దానికి 3 తీయండి. చోటు శుభ్రం కాకపోతే ఇంకో 5.

చెత్తను దాచేస్తారన్న అనుమానం మీకు రావచ్చు. నోటుపుస్తకం ఎడమ పేజీ అందుకే. లోపలికి వచ్చిన ప్రతి వస్తువూ మూడు కుప్పల్లో ఒకదానిలోనో, అద్దె షాపుకు తిరిగి వెళ్లినట్టు రసీదులోనో, స్టోరు రూములోనో కనపడాలి. 40 ప్లాస్టిక్ దండలు వచ్చినట్టు రాసుండి ఎక్కడా లేకపోతే వాటిని ఒక సంచిగా లెక్కకట్టండి. ‘వచ్చే ఏడు వాడతాం’ అని దాచినవాటికి జాబితా తీసుకోండి. మరుసటి చవితికి వాటిని వాడకుండా పారేస్తే ఆ సంచుల కోత ఆ ఏడు పడుతుంది.

పై మూడు బ్లాకులతోనే లెక్క పూర్తి చేద్దాం. ఏ బ్లాకులో 40 ఫ్లాట్లకు 18 పాల్గొన్నాయి, అంటే 45 శాతం, 15లో 11 మార్కులు. చేతిపనికి 9. కష్టానికి మొత్తం 20. పనికిరాని చెత్త మూడు సంచులు, కాబట్టి 15. బీ బ్లాకులో 24కి 15 ఫ్లాట్లు, 60 శాతం దాటింది కాబట్టి 15, చేతిపనికి 11, మొత్తం 26. చెత్త ఒకటిన్నర సంచి, రెండుగా లెక్క, పైగా పూలలో చమ్కీ కలిసింది, కాబట్టి 17. సీ బ్లాకులో 60కి 24, అంటే 40 శాతం, 10 మార్కులు, చేతిపనికి 13, మొత్తం 23. చెత్త ఒక్క సంచి, 25. అన్నీ కలిపితే ఏకి 68, బీకి 75, సీకి 78.

చూడటానికి అందరికన్నా బాగున్న ఏ బ్లాకు ఆఖరున ఉంది. ఇక్కడ మీకు ఒత్తిడి వస్తుంది. ‘అందమైనదాన్ని ఓడిస్తారా’ అంటారు. కొత్తదనంలో మొదటికీ మూడోదానికీ తేడా మూడే మార్కులు, చెత్తలో తేడా పది. ఆ పదీ వాళ్ల చేతిలో ఉన్నవే. అందానికి గుర్తింపు కావాలంటే విడిగా చిన్న బహుమతి పెట్టి అందరితో ఓటు వేయించండి. సొంత బ్లాకుకు ఓటు చెల్లదని రాయండి, ఫ్లాటుకు ఒక్క ఓటే ఇవ్వండి. దాన్ని మాత్రం ఈ 100తో కలపకండి. రెండు బ్లాకులకు సమానంగా వస్తే కొత్తదనంలో ఎక్కువ వచ్చినవాళ్లదే గెలుపు అని ముందే రాసుకోండి. ఇది అలంకరణ పోటీ కాబట్టి అదే న్యాయం.

ఫలితం చెప్పేటప్పుడు ముగ్గురు వేసిన అంకెలూ, సంచుల లెక్కా ఉన్న కాగితాన్ని ప్రతి బ్లాకు నోటీసు బోర్డులో అంటించండి. ఎవరు ఎంత వేశారో పేర్లు వద్దు, ఒకటి రెండు మూడు అంటే చాలు. రూల్స్ కాగితం, నోటుపుస్తకం మాత్రం చవితికి కనీసం మూడు వారాల ముందే చేతికి ఇవ్వండి. డెకరేషన్ వాళ్లకు అడ్వాన్సు ఇచ్చేశాక ఖర్చు హద్దు చెబితే ఆ బ్లాకు ఒప్పుకోదు, ఒప్పుకోకపోవడంలో వాళ్ల తప్పు కూడా ఉండదు.